కత్తి కంటే ముందు ‘ఏం వండుతరు?’

ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు వినిపించే మాట దాదాపు ఒకటే: ‘‘అన్నా, ఒక కిలో కొట్టు.’’ ఏ భాగంలోంచి కిలో, ఏ కూర కోసం కిలో అనేది ఎవరూ చెప్పరు. చెప్పకపోయినా ఇంటికెళ్ళి మూట విప్పితే అందులో తొడ ముక్క ఉంటుంది, పక్కటెముక ఉంటుంది, కాస్త కొవ్వు, ఒక మూలుగ బొక్క ఉంటాయి. అది యాదృచ్ఛికంగా పడిన కిలో కాదు. మొద్దు ముందు కూర్చున్న మనిషి మనల్ని చూసి, మన మాటను బట్టి, యాట ఒంటి మీద ఎంత మిగిలిందో లెక్కేసుకుని కూర్చిన కిలో. ఆ లెక్క ఎలా పుడుతుందో చెప్పడానికి ఒక పిల్లగాడి కథ చెబుతాను.

పిల్లగాడికి పన్నెండేళ్ళు అనుకుందాం. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు, బస్టాండు పక్క సందులో వాళ్ళ మేనమామ దుకాణం. బడి లేని రోజుల్లో వచ్చి కవర్లు విప్పి పట్టుకోవడం, చిల్లర ఇవ్వడం వాడి పని. కత్తి మాత్రం ముట్టనివ్వడు మామ. ‘‘చెవులు పెట్టుకొని కూసో. ఎవరేం అడుగుతున్రో ఇను. కత్తి సంగతి తర్వాత’’ అంటాడు.

మొదటి పాఠం కొక్కేనికి వేలాడుతున్న పోతు దగ్గరే మొదలైంది. తోలు తీసేశారు, తల తీసేశారు, కాళ్ళు తీసేశారు, తోక మాత్రం అలాగే వదిలేశారు. మగ అవయవం కూడా కోయకుండా ఉంచారు. పిల్లగాడికి ఇది విచిత్రంగా తోచింది.

‘‘మామా, గివెందుకు ఉంచినవ్?’’

‘‘అవే మన రసీదు బిడ్డా. తోక మీదికి లేస్తే మేక. కిందికి వేలాడితే గొర్రె. రెండోది చూస్తే పోతా, ఆడదా తెలుస్తది. అవి కోసినంక నేను ఏం చెప్పినా నమ్మాల్సిందే.’’

ఈ రసీదు మనం చదవడం నేర్చుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ‘మటన్’ అనే మాట మేకకూ గొర్రెకూ రెండింటికీ నడుస్తుంది. 2019 పశుగణనలో దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. రెండుచోట్లా మేకల కంటే గొర్రెలే చాలా ఎక్కువ. అంటే మనం తినే మటన్‌లో గొర్రె వాటా పెద్దదే. అది తప్పేమీ కాదు, గొర్రె మాంసం రుచి గొర్రెది. కానీ మేక అని చెప్పి గొర్రె ఇస్తే కూర తేడా వస్తుంది. గొర్రెకు కొవ్వు తోలు కింద, కండల మధ్య పేరుకుంటుంది. మేకకు ఎక్కువగా పొట్టలో, పేగుల చుట్టూ, మూత్రపిండాల చుట్టూ పేరుకుంటుంది. అందుకే మేక మాంసం పైకి పల్చగా, ఎర్రగా కనిపిస్తుంది. నూనె కాస్త ఎక్కువ అడుగుతుంది, ఉడకడానికి కాస్త ఎక్కువ సేపు తీసుకుంటుంది.

వయసు సంగతి పళ్ళలో ఉంటుంది. మేకకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు. కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు ఊడి రెండు పెద్దపళ్ళు వస్తే ఏడాది దాటిందని, ఎనిమిదీ వచ్చేస్తే నాలుగేళ్ళ దగ్గర పడిందని లెక్క. సంతలో బేరం ముందు మామ చేసే మొదటి పని కింది పెదవి విప్పి చూడటం. దుకాణంలో తల లేకుండా చూసే మనకు ఆ అవకాశం లేదు కాబట్టి రంగు చూడాలి. లేతది గులాబీ ఎరుపు, ముదురుది నల్లెరుపు. లేతదాని ఎముక కొట్టిన చోట లోపల ఎర్రగా ఉంటుంది. ముదురుదాని ఎముక తెల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది.

ఇక ముక్కల పేర్లు. ఆ దుకాణంలో ఒక్కో భాగానికి రెండేసి పేర్లు నడుస్తాయి, ఒకటి తెలుగులో, ఒకటి ఉర్దూలో. వెనక తొడ రాన్, ముందుకాలు జబ్బతో సహా దస్తు, మెడ గర్దన్, రొమ్ము సీనా, పక్కటెముకల మీది భాగం చాంపులు, కార్జం కలేజీ, కాళ్ళు పాయా. పిల్లగాడు రెండు వారాల్లో పేర్లన్నీ అప్పజెప్పేశాడు. మామ మెచ్చుకోలేదు.

‘‘పేర్లు చిలుక కూడ చెప్తది. ఏది ఎంత సేపటికి ఉడుకుతది చెప్పు.’’

పిల్లగాడు నోరు తెరిచాడు. అప్పుడు మామ చెప్పిన పద్ధతి నాకు వంటల పుస్తకాల్లో ఎక్కడా కనపడలేదు. ‘‘నువ్వు మేక తీరుగ చేతుల మీద కాళ్ళ మీద నిలబడు. ఇప్పుడు అడుగులెయ్యి. మెడ ఎత్తి తుమ్మకొమ్మ అందుకో. ఏ జాగల నొస్తున్నది?’’ దుకాణం వెనక వరండాలో వాడు నిజంగానే నాలుగడుగులు వేశాడు. మెడ నొచ్చింది, భుజాలు నొచ్చాయి, పిక్కలు లాగాయి. నడుము దగ్గర వెన్నుకు రెండు పక్కలా ఉన్న కండకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు.

మాంసం శాస్త్రం అంతా ఆ నాలుగడుగుల్లో ఉంది. రోజంతా పనిచేసే కండలో పీచూ, కండల్ని కట్టిపట్టే తెల్లటి పొరలూ ఎక్కువ. మెడ, భుజం, పిక్క అలాంటివి. వాటిని గబగబా వేపితే నమలలేం. నీళ్ళు పోసి సన్నని మంట మీద గంటా రెండు గంటలు ఉంచితే ఆ తెల్లటి పొరలు కరిగి జిగురవుతాయి, పులుసు చిక్కబడుతుంది. వెన్ను పక్కన ఉండే కండ పెద్దగా కష్టపడదు కాబట్టి లేతగా ఉంటుంది, తొందరగా వేగుతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే పొడిబారిపోతుంది. తొడ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కండ ఎక్కువ, పొర తక్కువ, కొవ్వు కూడా తక్కువే. అందుకే అందరూ తొడ కావాలంటారు. నా మటుకు కూరకి దస్తునే గొప్పగా చెబుతాను. తొడ చూడ్డానికి బాగుంటుంది, దస్తు తినడానికి బాగుంటుంది.

దస్తును విడదీయడం చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మేకకు మనకున్నట్టు భుజం ముందు మెడ ఎముక లేదు. ముందుకాలు ఒంటికి ఏ ఎముక కీలుతోనూ అతికి ఉండదు, కేవలం కండలతో పట్టి ఉంటుంది. కాబట్టి మామ కాలు పైకెత్తి, చంకలో కత్తిమొన పెట్టి, కండకూ పక్కటెముకలకూ మధ్య సందులో జార్చుకుంటూ పోతే దెబ్బ వేయకుండానే దస్తు మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. వెనక కాలు అలా రాదు. తుంటి దగ్గర గిన్నెలో గుండ్రటి బంతి కూర్చున్నట్టు కీలు ఉంటుంది, దాన్ని వెతికి, వంచి, నరం తెంపాలి. చెయ్యి తిరగనివాడు ఇక్కడే కత్తితో కొట్టి ఎముకను పెచ్చులు చేస్తాడు.

ఇప్పుడు ఆ ఆదివారం పోతును లెక్కేద్దాం. ప్రాణంతో ఉన్నప్పుడు 21 కిలోలు తూగింది. తోలు, తల, కాళ్ళు, పొట్టలోవి తీసేశాక కొక్కేనికి వేలాడింది సుమారు 10 కిలోలు. మేకల్లో సగానికి కాస్త తక్కువ రావడం మామూలే. అందులో రెండు తొడలూ కలిపి 3 కిలోలు, రెండు దస్తులు 2 కిలోలు, మెడ కిలోకి కొంచెం తక్కువ. వెన్ను పొడుగునా చాంపులూ నడుమూ కలిపి రెండుంపావు కిలోలు. మిగిలింది రొమ్ము, పక్కటెముకల కింది కొసలు, పొట్ట మీది పల్చటి కండ. ఈ పది కిలోల్లో ఎముక వాటా పావువంతు దాకా ఉంటుంది.

మొదట వచ్చింది ఒక పెద్దమనిషి. ‘‘రెండు కిలోలు బిర్యానీకి’’ అన్నాడు. మామ అడిగాడు: ‘‘కచ్చిదా, వండి కలిపేదా?’’ కచ్చి బిర్యానీ అంటే పచ్చిమాంసమే సగం ఉడికిన బియ్యం కింద పడుతుంది, మూత వేసి పిండితో అంచు మూస్తే అన్నంతో పాటే ఉడకాలి. మధ్యలో తెరిచి చూసే వీలు లేదు. అందుకని ముక్కలన్నీ ఒకే తీరుగా ఉండాలి, పెద్దవిగా, ఎముకతో ఉండాలి. మామ ఒక దస్తు, తొడలో కొంత, నాలుగు చాంపులు తీసుకున్నాడు. మెడ వేయలేదు. మెడ ఉడికేసరికి అన్నం ముద్దవుతుంది. ‘‘బొప్పాయికాయ రాస్తరా?’’ అని కూడా అడిగాడు. పచ్చి బొప్పాయి మాంసాన్ని మెత్తబరుస్తుంది, కానీ మోతాదు మించితే పైపొర పిండిపిండిగా అయిపోయి లోపల గట్టిగా ఉంటుంది. కిలోకి ఒకటి రెండు చెంచాల ముద్ద చాలు.

తర్వాత ఒకామె వచ్చి గోంగూరలోకి ముప్పావు కిలో అడిగింది. ఈసారి మామ అడగకుండానే మెడలో సగం, రొమ్ము ముక్కలు, ఒక పిక్క ఎముక వేశాడు. పుల్లటి కూర చాలాసేపు ఉడుకుతుంది, మెడ కరిగి పులుసులోకి దిగుతుంది. రొమ్ము కొవ్వు గోంగూర పులుపును నిమ్మళం చేస్తుంది. ఆమె ముఖం చిట్లించి ‘‘గీ బొక్కలేంది?’’ అంది. ‘‘అమ్మా, గోంగూరల మెత్తన పడితే పీచులెక్క అయితది. ఉడికినంక నన్ను తిట్టు’’ అన్నాడు. ఉడకబెట్టేటప్పుడు ఒక కిటుకు కూడా చెప్పాడు: మాంసం ముందుగా మెత్తబడనిచ్చి, గోంగూర తర్వాతే వేయాలి.

మూడో ఆర్డరు దగ్గర పిల్లగాడు దొరికిపోయాడు. ఒకతను బోన్‌లెస్ కిలో కావాలన్నాడు, తొడలోంచి. మామ లోపల ఉన్నాడు. పిల్లగాడు మామూలు ధరే చెప్పాడు. మామ వచ్చి ఏమీ అనకుండా ఒక తొడను కాంటా మీద పెట్టాడు: కిలోన్నర. కత్తితో ఎముక వెంబడే కండను ఒలిచి, తెల్లటి పొర తీసి మళ్ళీ తూచాడు: కిలో వంద గ్రాములు. పక్కన మిగిలింది ఎముక, పొర, నరాలు. ‘‘గీ నాలుగొందల గ్రాముల పైసలు ఎవలు కట్టాలె?’’ బోన్‌లెస్ ధర ఎందుకు ఎక్కువో పిల్లగాడికి ఆ రోజు కాంటా చెప్పింది. ఆ ఎముకలు మామ పారేయలేదు. మధ్యాహ్నం హోటల్ అబ్బాయి వచ్చి దాల్చాలోకి పట్టుకుపోయాడు. శనగపప్పు, సొరకాయతో చేసే దాల్చాకు రుచంతా ఎముకలోంచే దిగుతుంది.

ఖీమా సంగతి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే మోసానికి ఎక్కువ అవకాశం ఇక్కడే. మంచి ఖీమా తొడ కండతోనో దస్తు కండతోనో అవుతుంది, అందులో పిడికెడు కొవ్వు కలవాలి. కొవ్వు లేకపోతే వేగేటప్పుడు గింజకట్టుకుపోతుంది. మొద్దు మీద కత్తితో కొడితే ముక్క ముక్కగా ఉంటుంది. మిషన్లో వేస్తే ముద్దలా వస్తుంది, అందులో పొర పడినా, ఊపిరితిత్తుల ముక్క పడినా, నిన్నటి మాంసం పడినా కంటికి తెలియదు. పొయ్యి మీద తెలుస్తుంది. నీళ్ళు బాగా ఊరి, ఎంతసేపు వేపినా రబ్బరులా నములుడు పడితే అందులో పొర పడిందన్నమాట. కాబట్టి ముందు ముక్క చూపించమని అడిగి, మన కళ్ళముందే మిషన్లో వేయించుకోవాలి. తొలిసారి వేసేటప్పుడు మిషన్లో పాతది ఏమైనా మిగిలి ఉందా అని చూడటం కూడా మన హక్కే.

పొద్దెక్కేసరికి కొక్కెం ఖాళీ అయింది. పక్కన తట్టలో ఉన్నవాటి వంతు వచ్చింది. వీటిని కోరి వచ్చేవాళ్ళు వేరు, వాళ్ళకు ‘ఏం వండుతరు’ అని అడగక్కర్లేదు. పేరే వంటకం. తలకాయ అంటే తలకాయ కూర. మంట మీద వెంట్రుక కాల్చి, గీకి, కడిగి, రెండుగా చీల్చి మెదడు వేరుగా తీసి ఇస్తారు. మెదడు కొద్ది నిమిషాల్లో ఉడికేది, దవడ రెండు గంటలు పట్టేది, రెంటినీ కలిపి వండితే మెదడు కనపడకుండా పోతుంది. దవడ కండ, నాలుక తిన్నవాళ్ళు తొడ జోలికి పోరు. కాళ్ళు కూడా అలాగే కాల్చి, గిట్టలు ఊడదీసి, ఒక్కోదాన్ని మూడు నాలుగు ముక్కలు చేస్తారు. కాళ్ళలో కండ దాదాపు లేదు, ఉన్నదంతా నరాలూ తోలూ ఎముకా. రాత్రంతా సన్నమంట మీద ఉంచిన పాయా పొద్దున చల్లారితే గడ్డకడుతుంది. గడ్డకట్టలేదంటే ఇంకా ఉడకాల్సింది ఉందనే గుర్తు.

బోటీని అమ్మడం కంటే కడగడం పెద్ద పని. పొట్ట సంచిని తిరగేసి, వేడినీళ్ళలో ముంచి, లోపలి నల్లటి పొరను గీకి తీసేయాలి. నీళ్ళు మరీ మరిగితే ఆ పొర అతుక్కుపోయి రానే రాదు, చల్లగా ఉంటే ఊడదు. చెయ్యి కాలేంత వేడి ఉంటే చాలు. పేగుల్లో నీళ్ళు పోసి జాడించి, పసుపూ ఉప్పూ రాసి మళ్ళీ కడగాలి. ఉడికేటప్పుడు వాసన మిగిలిందంటే కడగడంలో లోపమే, మసాలా దాన్ని దాచలేదు.

పిల్లగాడికి మామ మొదటిసారి చిన్న కత్తి చేతికిచ్చింది కార్జం దగ్గర. కార్జానికి అంటుకుని ఆకుపచ్చటి చిన్న తిత్తి ఉంటుంది, చేదుకట్టు. అది పగిలితే తాకినంత మేరా చేదు, ఎంత కడిగినా పోదు. దాన్ని పట్టుకోకూడదు, అది అతికి ఉన్న పక్కన కార్జాన్నే పల్చగా కోసి దాంతో సహా తీసేయాలి. ‘‘పిరికితనం చెయ్యకు, తొందర చెయ్యకు’’ అన్నాడు మామ. వాడు చెమటలు పట్టి తీశాడు. పగల్లేదు. తర్వాత కార్జాన్ని అడ్డంగా కోసి లోపల చూడమన్నాడు. నునుపుగా, ఒకే రంగులో ఉంటే మంచిది. లోపల గొట్టాలు గట్టిపడి తెల్లగా ఉన్నా, వాటిని నొక్కితే చిన్న ఆకు ఆకారంలో జలగలు జారినా ఆ కార్జం అమ్మకూడదు. చెరువు అంచున మేసే జీవాలకు వచ్చే జబ్బు అది. పైకి మామూలుగానే కనిపిస్తుంది, కోస్తేనే బయటపడుతుంది. కొనేవాళ్ళు కార్జాన్ని ముక్కలు చేయకముందే ఒకసారి చూడటం అందుకే మంచిది. వండేటప్పుడు మాత్రం దానికి ఐదారు నిమిషాలు చాలు. పదిహేను నిమిషాలు వేపి, గట్టిపడిందని దుకాణదారుణ్ణి తిట్టడం అన్యాయం.

ఇంకో ఫిర్యాదు కూడా మామ తరచూ వింటాడు. ‘‘పొద్దున తాజా మాంసం తెచ్చి వెంటనే పొయ్యి మీద పెట్టినా ఉడకలేదు.’’ నిజానికి ఉడకకపోవడానికి ఆ తాజాదనమే కారణం కావచ్చు. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది. ఆ బిగువు తనంతట తాను సడలడానికి చల్లటి చోట దాదాపు ఒక రోజు కావాలి. తెల్లవారుజామున కోసింది తొమ్మిదింటికి వండితే సరిగ్గా బిగువు మధ్యలో వండినట్టు. కడిగి, ఉప్పూ పెరుగూ పసుపూ పట్టించి ఫ్రిజ్ కింది అరలో రాత్రిదాకా ఉంచితే అదే ముక్క వేరేలా ఉడుకుతుంది.

దసరాకు పిల్లగాడు అమ్మమ్మ ఊరికి వెళ్ళాడు. అక్కడ దుకాణం లేదు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక యాటను కొని, కోసి, మోదుగాకులు పరిచి పోగులు పెట్టారు. ప్రతి పోగులో తొడ ముక్క, చాంపు, మెడ, రొమ్ము, కార్జం తుంట, బోటీ కాస్త. ఎవరికీ ఏదీ ఎంచుకునే హక్కు లేదు, అలాగే ఎవరికీ ఏదీ తప్పిపోదు. పిల్లగాడు తన లెక్కతో పోగుల్ని చూసి ‘‘అమ్మమ్మా, దీన్లో కార్జం, మెడ కలిపి వండొద్దు. ఒకటి గట్టిపడ్తది’’ అన్నాడు. ఆమె కార్జాన్ని తీసి పొయ్యి అంచున పెనం మీద వేసి, మిగతాది కుండలో వేసింది. ఆమె ఎప్పుడూ అలాగే చేసేదట.

మనలో చాలామందికి ఇప్పుడు పోగు లేదు, దుకాణమే ఉంది. అక్కడ మనకున్న ఒకే సౌకర్యం అడిగి తీసుకోవడం. ‘‘తొడలోది ఇవ్వు, బొక్కలు వద్దు’’ అని కూరలన్నిటికీ ఒకే మాట చెప్పకండి. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ రుచి కొనుక్కున్నట్టే అది. ముందు ఏం వండుతున్నారో చెప్పండి, ఎందరు తింటారో చెప్పండి, కోసే ముందు తోకా రంగూ చూడండి. ఎంత కిలో అన్నది ఆఖర్న చెప్పండి.